డాబా మీద ఫుల్లు

హనుమకొండలో అద్దె ఇల్లు వెతుక్కోవడానికి వచ్చేవారు ముందుగా నేర్చుకోవలసిన మాట ‘ఫుల్లు’. నీళ్ల గురించి అడగండి, ఫుల్లు. గాలీ వెలుతురూ ఫుల్లు. సెల్‌ఫోన్ సిగ్నల్ గురించి అడిగితే మాత్రం యజమానులు నోటితో చెప్పి ఊరుకోరు. జేబులోంచి ఫోన్ తీసి, హారతి పళ్లెం పట్టినట్టు రెండు చేతులతో మన కళ్లముందు పెడతారు. అందులో గీతలు నిండుగా కనిపిస్తాయి. కళ్లకద్దుకుని అడ్వాన్సు ఇచ్చేయాలి.

నేను ఇచ్చాను. అది రెండేళ్ల కిందటి మాట. అలా ఒకసారి బుద్ధి గడ్డి తిన్నాక ఇప్పుడు మళ్లీ ఇల్లు వెతుకుతున్నాను కాబట్టి, గీతల శాస్త్రాన్ని కాస్త అధ్యయనం చేశాను. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్న దానికి అందరూ పాటించే కొలత ఏదీ లేదు. అది ఫోన్ తయారు చేసినవారి దయ. ఒకే గదిలో, ఒకే కంపెనీ సిమ్ముతో ఒక ఫోన్ నాలుగు గీతలు చూపిస్తే పక్క ఫోన్ రెండే చూపించవచ్చు. సొంత కొడుకు పేపరు తానే దిద్దుకునే మాస్టారిలాంటివి ఈ గీతలు.

అసలు మార్కులు లోపల దాచి ఉంటాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో Settings లోకి, అక్కడి నుంచి About phone లోకి, తర్వాత SIM status లోకి వెళితే Signal strength అని ఒక అంకె ఉంటుంది, పక్కన dBm అని ఉంటుంది. ఐఫోన్‌లో *3001#12345#* అని డయల్ చేయాలి. ఆ అంకెకు ముందు మైనస్ గుర్తు ఉంటుంది కనుక లెక్క తలకిందులు. 4జీలో మైనస్ 85 అంటే మారాజు, మైనస్ 100 అంటే ఎలాగో సంసారం సాగుతుంది, మైనస్ 110 దాటితే ‘హలో హలో’ అనడానికే ఆ ఫోన్. అంకె పది దిగజారిందంటే అందే శక్తి పదో వంతైనట్టు. ఇరవై దిగజారితే నూరో వంతు. ఎనభై ఐదుకూ నూట ఐదుకూ మధ్య తేడా కూరగాయల బేరంలో తేడా వంటిది కాదు.

మొన్న నయీంనగర్ వైపు మూడో అంతస్తులో ఒక ఫ్లాట్ చూశాను. యజమాని పెద్దమనిషి, మర్యాదస్తుడు. సిగ్నల్ అనగానే ‘రండి సార్’ అంటూ ముందు నడిచారు. పడకగదిలోకి తీసుకెళతారనుకున్నాను. మెట్లెక్కించారు. డాబా మీద తులసికోట దాటి, ఎండబెట్టిన మిరపకాయలు తొక్కకుండా దాటి, నీళ్ల ట్యాంకు పక్కన నన్ను నిలబెట్టి, ‘ఇప్పుడు చూడండి’ అన్నారు. మైనస్ 82. ‘ఫుల్లు!’ అన్నారాయన. నిజమే, కాదనలేదు. ‘సార్, అద్దెకు ఇచ్చేది ట్యాంకా, ఇల్లా?’ అని అడిగాను. ఆయన నవ్వలేదు. ‘ఇక్కడ ఉన్న సిగ్నలే కదా సార్ కిందికి వచ్చేది’ అన్నారు, అదేదో ట్యాంకులోంచి గొట్టం గుండా దిగివచ్చే నీరన్నట్టు.

కిందికి దిగాం. హాల్లో మైనస్ 96. వంటింట్లో మైనస్ 103. లోపలి పడకగదిలో తలుపు వేసి, మంచం పడే చోట నిలబడి ఒక నిమిషం ఆగాను, ఎందుకంటే ఆ అంకె వెంటనే మారదు. మైనస్ 112. డాబాకూ మంచానికీ మధ్య ముప్పై తేడా, అంటే వెయ్యో వంతు. స్లాబూ, గోడలూ, వాటిలోని ఇనుమూ మింగినంత మింగి మిగిల్చిన విస్తరి అది. ‘కిటికీ దగ్గరికి రండి సార్’ అన్నారు యజమాని. వెళ్లాను. ‘కొంచెం ఎడమకు.’ జరిగాను. ‘ఫోన్ పైకెత్తండి.’ ఎత్తాను. ‘చెయ్యి బయట పెట్టండి.’ పెట్టాను. మైనస్ 98 వచ్చింది. ‘చూశారా!’ అన్నారు. చూశాను. ఎదురింటి పిట్టగోడ మీద ఒక కోతి కూడా మమ్మల్ని చూసింది.

ఈ పరీక్ష ఒక్క సిమ్ముతో ముగియదు. ఇంట్లో ఎవరెవరికి ఏ కంపెనీ నంబరు ఉందో అన్నిటితోనూ చేయాలి. నాకు బాగా అందే చోట మా ఆవిడ సిమ్ము మూర్ఛపోవచ్చు. ఇద్దరి టవర్లూ ఒక చోట ఉండాలని లేదు.

‘వైఫై పెట్టుకోండి సార్, కాల్స్ కూడా దాని మీదే వెళతాయి’ అన్నారు యజమాని. పాత ఇంట్లో కూడా ఇదే మాట చెప్పారు. నిజమే, వెళతాయి. కరెంటు ఉన్నంతసేపు! మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చింది, కరెంటు పోయింది, రూటరు ఆరిపోయింది. దాంతోపాటే వైఫై కాలూ పోయింది. లోపలి గదిలో మా అమ్మకు ఆయాసం ఎక్కువై నన్ను పిలవబోయింది. నేను ఊళ్లో ఇంకో చివర ఉన్నాను. ఆమె ఫోన్ నా దాకా రాలేదు. పక్కింటివాళ్లు విని తలుపు తట్టారు కాబట్టి సరిపోయింది. నన్నెవరూ ‘ఏ గదిలో పడుకుంటారు మీ అమ్మగారు’ అని అడగలేదు. అడిగితే ఆ గదిలో సిగ్నల్ లేదని చెప్పవలసి వచ్చేది కదా! డాబా మీద గీతలు చూపించి లోపలి గదికి అద్దె వసూలు చేయడాన్ని మోసం అంటారు. అందులో హాస్యం ఏమీ లేదు.

సరే, బ్రాడ్‌బ్యాండ్. ‘అన్ని కంపెనీలూ ఇస్తాయి సార్’ అంటారు. అపార్టుమెంటులోకి వెళ్లి చూస్తే ఒక్కరి వైరే ఉంటుంది. ఇంకొకరిని పిలిస్తే ‘అసోసియేషన్ ఒప్పుకోదు’ అన్న సంగతి అప్పుడు బయటపడుతుంది. అందుకే అడ్వాన్సుకు ముందే కావలసిన కంపెనీ మనిషిని పిలిపించి, గడప దాకా వైరు లాగుతాడా అని అడగాలి. ఇంటి దాకా ఫైబరే వస్తుందా, లేక సెల్లారులో ఇంటర్నెట్‌ను ఇళ్లకు పంచే ఒక నెట్‌వర్క్ స్విచ్ పెట్టి అక్కడి నుంచి మామూలు కేబుల్ లాగుతారా అన్నది కూడా అడగాలి. రెండోదైతే మీరు రూటరుకు చిన్న యూపీఎస్ కొనుక్కున్నా, కింద స్విచ్‌కు కరెంటు లేనప్పుడు అది వెలిగే దీపం మాత్రమే.

వేగం కొలత మరో ప్రహసనం. కనెక్షన్ అమ్మేవాడు ఉదయం పదకొండుకు వచ్చి, స్పీడ్ టెస్ట్ పెట్టి వంద ఎంబీపీఎస్ చూపిస్తాడు. వీధిలోవాళ్లంతా ఆఫీసుల్లో ఉన్న వేళ అది. పైగా ఆ పరీక్ష తరచుగా ఆ కంపెనీ సొంత సర్వరుతోనే జరుగుతుంది, అంటే మన వీధి చివరి వరకు పరుగెత్తి తిరిగొచ్చి పతకం తీసుకోవడం. సర్వరు మార్చి ముంబైనో చెన్నైనో ఎంచుకుని, రాత్రి తొమ్మిదింటికి పక్కింటి ఆంటీని బతిమాలి వాళ్లింట్లో పెట్టి చూడండి. నేను చూశాను. వంద కాస్తా పదకొండుకు పడిపోయింది. ప్లాన్ కాగితం మీద ‘100 వరకు’ అని ఉంటుంది, పదకొండు కూడా ఆ వరకు లోపలే ఉంది.

2024లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగు ఇచ్చే నిబంధనలు తెచ్చింది, నక్షత్రాలతో. నయీంనగర్‌లో ఆ నక్షత్రాలు కూడా డాబా మీదికి ఎక్కితేనే కనిపిస్తాయేమో.

ఆ ఫ్లాట్ యజమానికి నా నంబరు ఇచ్చి వచ్చాను. నాలుగో రోజు ఫోన్ చేశారు. మూడు రోజులుగా ప్రయత్నిస్తున్నారట, కలవడం లేదట, నా ఫోన్‌లోనే ఏదో లోపం ఉందట. ‘ఎక్కడి నుంచి చేస్తున్నారు సార్?’ అన్నాను. ఇన్నాళ్లూ ఇంట్లోంచే చేశారట. ఇప్పుడు మాత్రం ఆయన మాటల వెనక గాలి హోరు, ట్యాంకు నిండి కారుతున్న చప్పుడు చాలా స్పష్టంగా వినిపిస్తున్నాయి.