గంటల తరబడి ఆగని ఎక్కిళ్లు: ప్రచారంలో ఉన్న మాటలకు సమాధానం

"పెద్దవాళ్లకు ఎక్కిళ్లు ఎన్ని గంటలు వచ్చినా ప్రమాదం లేదు. హఠాత్తుగా భయపెడితే ఆగిపోతాయి, ఆగకపోతే కనుగుడ్లు గట్టిగా నొక్కాలి. ఇంత చిన్నదానికి డాక్టరు ఎందుకు?"

మొదటి మాటలో కొంత నిజముంది. ఆదరాబాదరాగా తిన్నా, గ్యాస్ ఉన్న పానీయాలు, మద్యం తాగినా కడుపు ఉబ్బి, ఊపిరితిత్తుల కింది డయాఫ్రం అనే కండరం ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. అలా వచ్చినవి చాలావరకు కొన్ని గంటల్లో వాటంతటవే తగ్గిపోతాయి. కానీ ఈ కండరాన్ని కదిలించే నరాల దారి మెదడు అడుగు నుంచి మెడ, ఛాతీ మీదుగా పొట్ట దాకా ఉంటుంది కనుక, ఆ దారిలో ఎక్కడ జబ్బు ఉన్నా అది ఎక్కిళ్లుగానే బయటపడవచ్చు.

భయపెట్టడం నమ్మదగిన ఉపాయం కాదు, గుండె జబ్బు ఉన్నవారి విషయంలో అసలు చేయకూడదు. దానికన్నా నిండుగా గాలి పీల్చి పది, పదిహేను సెకన్లు బిగబట్టి, మెల్లగా వదలడం మేలు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఎక్కిళ్లు నెమ్మదిస్తాయి. చల్లని నీళ్లను ఆపకుండా చిన్న గుక్కలుగా మింగడం, మధుమేహం లేనివారు చెంచాడు చక్కెరను పొడిగానే మింగడం గొంతులోని నరాన్ని ప్రేరేపించే పద్ధతులు. ఇవి అందరికీ పనిచేయవు, అయినా ప్రయత్నిస్తే నష్టం లేదు.

కనుగుడ్లు నొక్కడం మాత్రం నష్టమే. దానివల్ల గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు, కంటికి గాయం కావచ్చు.

ఇక డాక్టరు సంగతి. ఎక్కిళ్లు 48 గంటలు దాటితే కారణం వెతికించుకోవాలి. అయితే అంతవరకు ఆగకూడని సందర్భాలున్నాయి. ఉదాహరణకు, రక్తపోటు ఉన్న అరవై ఏళ్ల మనిషికి సాయంత్రం నుంచి ఎక్కిళ్లు వస్తున్నాయనుకుందాం. రాత్రికి తల తిరుగుతోంది, నడక ఒక పక్కకు తూలుతోంది, నీళ్లు మింగితే పొలమారుతోంది, గొంతు బొంగురుపోయింది. చేతులు, కాళ్లు బలంగానే ఉన్నాయి కనుక పక్షవాతం కాదని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. కానీ మెదడు అడుగు భాగంలో రక్తప్రసారం ఆగినప్పుడు చేతులు, కాళ్లు పడిపోకుండానే సరిగ్గా ఈ లక్షణాలు రావచ్చు. అలాంటప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎక్కిళ్లతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, రక్తపు వాంతి, తీవ్రమైన కడుపునొప్పి, మాట తడబాటు, మగత ఉన్నా అంతే.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు కొత్తగా మొదలుపెట్టిన మందుల వివరాలు తీసుకెళ్లండి, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు కూడా ఎక్కిళ్లు తెప్పించగలవు. ఎక్కిళ్లు ఆగడానికి డాక్టర్లు కొందరికి రాసే బాక్లోఫెన్ అనే మందును పాత చీటీ చూసి కొని వేసుకోకండి. మూత్రపిండాలు దెబ్బతిన్నా ఎక్కిళ్లు వస్తాయి, అలాంటి వారి శరీరంలో ఆ మందు బయటికి పోక పేరుకుపోయి స్పృహ తప్పిస్తుంది.