వారానికి మూడు రోజులే, మిగతాది మీ ఇష్టం

ఉద్యోగ ప్రకటనలో 'హైబ్రిడ్' అని కనబడగానే నల్లగొండ పిల్లలు ఇంటి నుంచే ఉద్యోగమని సంబరపడుతున్నారు. ప్రకటనను కంపెనీ ఎంత జాగ్రత్తగా రాసిందో అంత జాగ్రత్తగా చదవడం అభ్యర్థి కనీస ధర్మమని సవినయంగా మనవి చేస్తున్నాను.

'వారానికి 3 రోజులు ఆఫీసు' అంటారు. అవి ఏ మూడు రోజులో, వాటిని ఎవరు నిర్ణయిస్తారో చెప్పరు. మంగళ, బుధ, గురువారాలైతే మనవాడు తెల్లవారుజామున బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేట వెళ్లి, అక్కడ రైలు మారి రాయదుర్గం చేరి, రెండు రాత్రులు మేనత్త ఇంట్లో తలదాచుకుని గురువారం రాత్రికి ఇల్లు చేరుకోగలడు. అదే సోమ, బుధ, శుక్రవారాలైతే దాదాపు వంద కిలోమీటర్ల దారిని వారానికి మూడుసార్లు రానూపోనూ కొలవాలి, లేదా హాస్టల్లో మంచం తీసుకోవాలి. హాస్టల్ యజమానికి హైబ్రిడ్ విధానం గురించి ఇంకా సమాచారం అందినట్టు లేదు. మంచం ఖాళీగా ఉన్న రాత్రులకు కూడా ఆయన నెల అద్దె పూర్తిగానే తీసుకుంటాడు. రెండు ప్రకటనల్లోనూ ఉన్నది అదే మూడు రోజులు, ఖర్చు మాత్రం వేరు.

ఇక ఆ మూడు రోజులను లెక్కపెట్టేది గేటు దగ్గర గీసే కార్డు. సద్దుల బతుకమ్మ బుధవారం వచ్చి, సెలవు పెట్టుకుని ఊళ్లో ఉండిపోయిన అమ్మాయికి, కొన్ని కంపెనీల్లో ఆ రోజు మినహాయింపు దొరుకుతుంది; కొన్నిచోట్ల దానికి బదులు శుక్రవారం వచ్చి బాకీ తీర్చమంటారు.

పనివేళల్లో వెసులుబాటు నిజంగానే ఉంటుంది, కాకపోతే అది న్యూయార్క్ క్లయింటుకు. ఆయన మధ్యాహ్నం 12 గంటల సమావేశం వేసవిలో మనకు రాత్రి తొమ్మిదిన్నర. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే పదిన్నర అవుతుంది.

'ఇంటి నుంచి పనికి సామగ్రి' అంటే చాలాచోట్ల లాప్‌టాప్, మరీ ఉదారులైతే హెడ్‌సెట్. కుర్చీ, ఇన్వర్టర్ మీ తండ్రిగారి బాధ్యత. ఇంటర్నెట్ బిల్లు చెల్లిస్తామన్నచోట బిల్లు ఉద్యోగి పేరునే ఉండాలనే నిబంధన తరచుగా ఉంటుంది. కనెక్షన్ ఉండేదేమో నాన్న పేరున.

కాబట్టి ఒప్పుకునేముందు హెచ్‌ఆర్‌ను మెయిల్లో అడగండి: ఏ రోజులు, మారిస్తే ఎన్నాళ్ల ముందు చెబుతారు, సెలవు రోజును ఎలా లెక్కిస్తారు అని. ఆఫర్ లెటర్‌లో 'పనిచేసే స్థలం' అన్న పేరా కూడా చూడండి. అక్కడ హైదరాబాద్ అని రాసి, అవసరాన్ని బట్టి మార్చే హక్కు సంస్థకు ఉందని చేర్చి, హైబ్రిడ్ ఊసే ఎత్తకపోతే, ఐదు రోజులూ రమ్మనడానికి వాళ్లకు ఒక్క మెయిల్ చాలు. ఫోన్లో మాత్రం హెచ్‌ఆర్ మేడం, "మా దగ్గర అంతా చాలా ఫ్లెక్సిబుల్ అండీ" అనే అంటారు. ఆ ఒక్క వాక్యాన్ని మెయిల్లో పెట్టమని వినయంగా కోరి చూడండి.