శుక్రవారం సెలవు, తాళం వేసిన గేటు

శుక్రవారం సెలవు పెట్టి శని, ఆదివారాలు కలుపుకొని హైదరాబాదుకు వచ్చేవారిని పాతబస్తీలో ముందుగా పలకరించేది తాళం వేసిన గేటే, ఎందుకంటే సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లా ప్యాలెస్‌కూ వారపు సెలవు ఆ రోజే. పోనీ, సోమవారం కూడా ఉండి పిల్లలకు జూపార్కు చూపిద్దామంటే, దాని సెలవు సోమవారం. చార్మినార్ వారమంతా తెరిచే ఉంటుంది కనుక చుట్టుపక్కలవీ అలాగే ఉంటాయని జనం అనుకోవడంలో వింతేమీ లేదు. గదితో సహా ప్యాకేజీ అంటగట్టేవారు మాత్రం ఈ ఒక్క ముక్క ముందే ఎందుకు చెప్పరో నాకు అంతుబట్టదు. దానికి తోడు, మ్యూజియం సాయంత్రం 5 గంటల వరకూ ఉంటుందని నమ్మి ఆఖరి అరగంటలో ఆయాసపడుతూ చేరితే, టికెట్ల అమ్మకం అంతకుముందే ఆపేసి ఉంటారు. మూసే వేళ రాసిన ప్రతిచోటా టికెట్లు ఆపే వేళ కూడా రాయడానికి ఎవరికి చేతులు రావో!