చొక్కా ఉందా అని కాదు, ఏ స్థితిలో ఉందో రాసుకోవాలి

సినిమాలో ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ బట్టలు, వస్తువులు తేడా రాకుండా రాసుకునేది కంటిన్యుటీ పుస్తకం. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చిన్న బడ్జెట్‌లో తెలుగు సినిమా తీసేవాళ్ల పుస్తకం చూస్తే ఎక్కువగా కనిపించేది సామాన్ల జాబితా. సీన్ 12, నీలం చొక్కా, వాచీ, చేతిసంచి. పక్కన టిక్కు. వస్తువు లొకేషన్‌కి వచ్చిందా లేదా అన్నదొక్కటే ఈ జాబితా చెబుతుంది. తెరమీద దొరికిపోయే తప్పులు మాత్రం ఎక్కువగా వస్తువు స్థితిలో ఉంటాయి. చొక్కా అదే, కానీ చిరుగు రెండు అంగుళాలు పక్కకి జరిగింది. కట్టు అదే, కానీ మోచేతి నుంచి మణికట్టుకి దిగింది. వస్తువుల పేర్లు రాసే జాబితాని వదిలేసి, స్థితులు రాసే జాబితాకి మారాలన్నది నా అభిప్రాయం.

ఒక కథ అనుకుందాం. పర్లాకిమిడిలో ఉండే తెలుగు కుర్రాడు పొద్దున్నే నీలం చొక్కా వేసుకుని ఇంట్లోంచి బయలుదేరతాడు. అది సీన్ 12. సీన్ 14లో ఘాట్ రోడ్డు మీద బైక్ జారి పడతాడు, ఎడమ భుజం దగ్గర చొక్కా చిరుగుతుంది, ఒంటినిండా బురద. సీన్ 15లో మహేంద్రతనయ నది దాటి పాతపట్నం ఆసుపత్రి, ఎడమ మోచేతికి కట్టు. సీన్ 18లో రాత్రి అదే చొక్కాతో ఇంటికొస్తాడు, అప్పటికి బురద ఎండిపోయి ఉంటుంది. సీన్ 19 మర్నాడు ఉదయం, చొక్కా మారింది, కట్టు మాత్రం ఉంది.

షూటింగ్ ఈ వరసలో జరగదు. ఇల్లు రెండు రోజులే దొరికింది కాబట్టి 12, 18, 19 ముందు తీసేస్తారు. తర్వాత రోడ్డు, ఆఖరున ఆసుపత్రి. అంటే కుర్రాడు ఇంకా పడకముందే, పడ్డాక చిరిగిన చొక్కా కెమెరా ముందుకి వచ్చేస్తుంది. చిరుగు ఎక్కడ, ఎంత పొడుగు, ఏ ఆకారంలో అన్నది ఇంటి షూటింగ్ మొదలవకముందే తేలాలి. అందుకే జాబితాని మొదట కథలోని రోజుల వరసలో రాయాలి. షూటింగ్ వరస జాబితాని దాన్లోంచే తీసుకోవాలి. చాలామంది ఏ రోజు ఏ సీన్లు తీయాలో చెప్పే కాల్ షీట్ చూసి రాస్తారు, తప్పు అక్కడే మొదలవుతుంది.

ప్రతి సీన్‌కీ ప్రతి వస్తువుకీ రెండు గడులు ఉండాలి: సీన్ మొదట్లో ఎలా ఉంది, చివర్లో ఎలా ఉంది. సీన్ 14లో నీలం చొక్కా మొదట శుభ్రం, చేతులు మోచేతి వరకు మడిచి ఉన్నాయి. చివర్లో ఎడమ భుజం కుట్టు నుంచి కిందికి నాలుగు అంగుళాల చిరుగు, ఎడమవైపంతా తడి బురద. సీన్ 15 మొదట్లోనూ అదే మాట ఉండాలి. రాయడం అయ్యాక ఒకే కథరోజులోని సీన్లమీద వేలు పెట్టి కిందికి దిగుతూ చదవండి. పై సీన్ చివరి స్థితి, కింది సీన్ మొదటి స్థితి కలవకపోతే మధ్యలో కారణం ఉండాలి. 15 చివర తడి బురద, 18 మొదట ఎండిన బురద. మధ్యలో కొన్ని గంటలు గడిచాయి కాబట్టి సరిపోయింది. 15లో కట్టు మోచేతికి, 18లో మణికట్టుకి అని ఉంటే దానికి కారణమేదీ లేదు. ఆ తప్పు కాగితం మీదే పట్టుబడింది. ఎడమ, కుడి అన్నవి ఎప్పుడూ ఆర్టిస్టు ఎడమ, కుడి అని పుస్తకం మొదటి పేజీలోనే రాసిపెట్టుకోవాలి. కెమెరా వైపు నుంచి ఒకరు, ఆర్టిస్టు వైపు నుంచి ఒకరు రాస్తే పుస్తకం మొత్తం పనికిరాకుండా పోతుంది.

ఎన్ని చొక్కాలు కొనాలో కూడా ఈ గడులే చెబుతాయి. పడే షాట్ మూడు టేకులు అనుకుంటే ఆర్టిస్టుకి మూడు, డూపుకి రెండు, తడి బురద స్థితికి ఒకటి, ఎండిన బురద స్థితికి ఒకటి. మొత్తం ఏడు. సీన్ 12లో వేసుకున్నది తర్వాత పడే షాట్‌కి వాడొచ్చు కాబట్టి ఎనిమిదోది అక్కర్లేదు. చిరుగుని ఒక అట్టమీద గీసి కత్తిరించి, ఆ అట్ట పెట్టే అన్ని చొక్కాలూ కోయాలి. పడే షాట్ చొక్కాలకి కోసిన చోట కచ్చా కుట్టు వేస్తే పడినప్పుడు అక్కడే విడిపోతుంది. ఎక్కడ చిరుగుతుందో చూద్దాంలే అంటే, ముందే తీసేసిన సీన్ 18కి అది కలవదు.

బట్ట ఎంపికకీ దీనికీ సంబంధం ఉంది. గళ్ల చొక్కా అయితే ఒక్కో చొక్కాలో జేబు దగ్గర గళ్లు ఒక్కోలా పడతాయి, క్లోజప్‌లో తెలిసిపోతుంది. ఒకే థానులోంచి సాదా బట్ట తీసుకుని ఏడూ ఒకే టైలర్ దగ్గర కుట్టించడం మేలు. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత చూడ్డానికి చాలా బావుంటుంది. ఆల్ చెట్టు వేరు రంగుతో, చేత్తో నేస్తారు కాబట్టి ఒకదానిలా ఇంకొకటి రాదు. ఇంట్లో కూర్చునే తల్లి పాత్రకి హాయిగా కట్టండి. బట్టలు చిరిగే, తడిసే, రక్తం అంటుకునే పాత్రకి వద్దు.

ఈ ప్రాంతపు కథల్లో ఇంకొకటి గమనించాలి. ఒడియా ఇంటి కోడలైన తెలుగమ్మాయి పాత్ర ఉంటే చేతికి శంఖపు గాజులు, మెడలో నల్లపూసలు రెండూ ఉండొచ్చు. కుడిచేతికి ఎన్ని, ఎడమచేతికి ఎన్ని, ఏ వరసలో అన్నది రాయాలి. జడలో మల్లెలైతే ఇంకా ఇబ్బంది. కథలో పది నిమిషాల సీన్‌ని ఎండలో పూటంతా తీస్తారు, పూలు వాడిపోతాయి. సీన్ మొత్తాన్ని దూరం నుంచి తీసే మాస్టర్ షాట్‌లో తెల్లగా ఉన్నవి మధ్యాహ్నం క్లోజప్‌లో గోధుమరంగు తిరిగి ఉంటాయి. ఒకే పొడుగు మాలలు మూడు నాలుగు కట్టించి తడిగుడ్డలో చుట్టి, ఏ షాట్‌కి మార్చారో జాబితాలో వేసుకోవాలి.

ఫోన్‌లో ఫొటోలున్నాయి కదా, ఇంకా ఈ రాతలెందుకు అని అడుగుతారు. ఫొటో కావాల్సిందే, కానీ అది రాతకి తోడు మాత్రమే. ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లలో ఎడమ కుడి తారుమారవుతాయి. ఎడమచేతి వాచీ ఫొటోలో కుడిచేతికి కనిపిస్తుంది, వారం తర్వాత దాన్నే నమ్మేస్తాం. వాట్సాప్ గ్రూపులో మామూలుగా పెట్టిన ఫొటోకి తీసిన తేదీ, టైమ్ వివరాలు పోతాయి. అన్నిటికంటే పెద్ద పొరపాటు, మేకప్ అవగానే షాట్‌కి ముందు తీసి ఊరుకోవడం. మనకి కావాల్సింది షాట్ చివర ఎలా ఉందన్నది. కట్ చెప్పిన వెంటనే, ఎవరూ చెయ్యి వేయకముందే, ముందు, వెనక, రెండు పక్కలా తీయాలి. సీన్ నంబరు రాసిన పలక అందులో కనిపించాలి.

చిన్న జట్లలో ఆర్టిస్టులు సొంత బట్టలు తెచ్చుకుంటారు, నష్టం అక్కడా జరుగుతుంది. సాయంత్రం ఇంటికి తీసుకెళ్తారు, అమ్మ ఉతికి ఇస్త్రీ చేసి పంపుతుంది. ఎండిన బురద పోయింది, మడతలు మారాయి. షూటింగ్ బట్ట ఏదైనా, ఎవరిదైనా, ప్యాకప్ అయ్యాక స్థితి పేరు రాసిన సంచిలోకి వెళ్లి ప్రొడక్షన్ దగ్గరే ఉండాలి. బదులుగా ఆర్టిస్టుకి వేరే చొక్కా కొనిస్తే పోయేది కొన్ని వందలు. మిగిలిపోయిన షాట్లు మళ్లీ తీసే ప్యాచ్ వర్క్ ఎప్పుడైనా రావచ్చు కాబట్టి ఎడిటింగ్ ఖరారై లాక్ అయ్యేదాకా అద్దెవి కూడా తిరిగివ్వకపోవడమే మంచిది.

ఇంత చేసినా ఈ జాబితాతో కానిది ఒకటుంది. ఎడిటింగ్‌లో సీన్ 15 ఎత్తేస్తే ప్రేక్షకుడికి కట్టు ఎవరు కట్టారో తెలియదు, అయినా సర్దుకుపోతాడు. 18ని తెచ్చి 15కి ముందు పెడితే మాత్రం ఎండిన బురద మళ్లీ తడి అవుతుంది. అందుకే కథరోజుల వరస జాబితా కాపీ ఒకటి మొదటిరోజు ఫుటేజీతో పాటే ఎడిటర్ టేబుల్ మీదకి చేరాలి. మా వైపు జట్లు దాన్ని కాస్ట్యూమ్ పెట్టెలోనే వదిలేసి వస్తున్నాయి.