కూడితే సరిపోయేదానికి భాగహారం దేనికి?

వ్యాపారంలో భాగహారాన్ని తక్షణమే నిషేధించాలని డిమాండ్ చేస్తున్నాను. కూడికతో హాయిగా బతుకుతున్న మనిషికి మార్కప్ వేరు, మార్జిన్ వేరు అని చెప్పి టెన్షన్ పెట్టడం అమానుషం.

మన వ్యాపారినే చూడండి. అమ్మకం సొమ్ములో పాతిక శాతం కమీషన్లకు, ప్యాకింగ్‌కు, రవాణాకు పోతుంది. చేతిలో ఐదు శాతం మిగలాలి. కాబట్టి ముప్పై శాతం ఉండాలనుకున్నాడు. ఇంతవరకు మహామేధావి. తర్వాత 100 పెట్టి కొన్న సరుకు మీద 30 కలిపి, 130 అని చీటీ అంటించాడు.

ఆయన కోరుకున్న ముప్పై అమ్మకం ధరలో వాటా, అంటే మార్జిన్. ఆయన కలిపిన ముప్పై కొన్న ధర మీద, అంటే మార్కప్. 130లో 30 అంటే 23 శాతమే. ఖర్చులు మాత్రం ఈ తేడా తెలియనట్టు నటించవు. అవి 130లో పాతిక శాతం, అంటే 32.50, లాక్కుపోతాయి. వచ్చింది 30. అమ్మిన ప్రతిసారీ కొన్నవాడికి ఆయన రెండున్నర చదివించుకుంటున్నాడన్నమాట. గిరాకీ పెరిగేకొద్దీ దాతృత్వమూ పెరుగుతుంది. పోటీదారులకన్నా తన దగ్గరే జనం ఎందుకు ఎక్కువో ఆయనకు అర్థం కాదు. తన మంచితనం అనుకుంటాడు. ఒకరకంగా అదే.

దుర్మార్గపు భాగహారం ఏమంటుందంటే, అమ్మే ధరలో ముప్పై నీదైతే కొన్న ధర మిగిలిన డెబ్బై శాతం. కాబట్టి కొన్న ధరను 0.70తో భాగించు:

```
100 ÷ 0.70 = 142.86
```

ఇందులో పాతిక శాతం ఖర్చులకు 35.71 పోయినా 7.14 మిగులుతుంది. అది సరిగ్గా అమ్మకంలో ఐదు శాతం. కొన్న ధర మీద చూస్తే మాత్రం కలిపింది దాదాపు 43 శాతం. అంత వేసుకోవడం దోపిడీ అని మనవాడి అభిప్రాయం. అందుకే నష్టపోతున్నాడు.

ఏడాది చివర ఖాతాలో స్థూల లాభం ముప్పైకి బదులు 23 కనిపించగానే ఆయన సీసీ కెమెరా పెట్టించాడు. కౌంటర్లో కుర్రాడి మీద అనుమానం. నిజానికి దొంగతనం జరిగితే లెక్కించిన సరుకు పుస్తకంలో ఉన్నదానికన్నా తగ్గాలి. ఇక్కడ గింజ కూడా తగ్గలేదు. పైగా ఏ వస్తువు తీసినా అదే 23. ఇంత శ్రద్ధగా, అన్నిట్లోనూ సమానంగా దొంగిలించే దొంగ దొరికితే నేనే ఉద్యోగం ఇస్తాను.

కుర్రాడిని వదిలేసి, నష్టం పూడ్చుకోవడానికి ఆయన ముప్పై శాతం డిస్కౌంట్ ప్రకటించాడు. ముప్పై వేసుకున్నాం, ముప్పై తీసేస్తే కొన్న ధరకు కొన్న ధర వస్తుంది కదా అని ధీమా. డిస్కౌంట్ తీసేది 130లోంచి. చీటీ మీద 91 అని ఆయనే స్వహస్తాలతో రాశాడు.