సీటీ నార్మల్ రావడమే అక్కడ కావాల్సిన కబురు

"పక్షవాతం లక్షణాలు కనిపిస్తే సీటీ స్కాన్‌కి ఒప్పుకోకండి, నేరుగా ఎంఆర్ఐ తియ్యమని పట్టుబట్టండి. సీటీ పాతకాలపు మెషిన్, స్ట్రోక్‌ని పట్టుకోలేదు. పైగా ఒళ్లంతా రేడియేషన్. ఎంఆర్ఐ అన్నీ చూపిస్తుంది. ముందు సీటీ తీసి నార్మల్ అని చెప్పి, మర్నాడు మళ్లీ ఎంఆర్ఐ రాసేది రెండు బిల్లుల కోసమే. అందరికీ పంపండి."

స్కాన్ గదిలోనే నా ఉద్యోగం. ఈ మెసేజ్ నాకు ముగ్గురు పంపారు, వాళ్లలో ఒకరు మా పెద్దమ్మ. ఆవిడకి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

"పట్టుకోలేదు" అన్న మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో నిజముంది. రక్తనాళం మూసుకుపోయిన మొదటి గంటల్లో సీటీ చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. దెబ్బతిన్న చోట నీరు చేరితేనే సీటీలో నల్లదనం తేలుతుంది, దానికి గంటలు పడుతుంది. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ అని ఒకటి తీస్తారు. అది నీటి అణువులు ఎంత తేలిగ్గా కదులుతున్నాయో చూస్తుంది. రక్తం అందని కణాలు బయటి నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, లోపల నీటి కదలిక బిగుసుకుపోతుంది, ఆ చోటు కొద్ది నిమిషాల్లోనే తెల్లగా వెలుగుతుంది. 2007లో లాన్సెట్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, స్ట్రోక్ అనుమానంతో వచ్చిన 356 మందికి రెండు స్కాన్‌లూ తీశారు. రక్తనాళం మూసుకుపోయిన స్ట్రోక్ ఎంఆర్ఐలో 164 మందిలో కనబడితే, సీటీలో 35 మందిలోనే కనబడింది.

మరి ముందు సీటీ ఎందుకంటే, ఆ క్షణంలో డాక్టరు వెతుకుతున్నది స్ట్రోక్‌ని కాదు. మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి లేవకపోవడం చూస్తే స్ట్రోక్ అనుమానం ఎలాగూ వచ్చేసింది. తేలాల్సింది ఒకటే: నాళం మూసుకుపోయిందా, చిట్లిందా? లక్షణాలు రెంటికీ ఒకలాగే ఉంటాయి. వైద్యం మాత్రం ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం. మూసుకుపోతే గడ్డ కరిగించే మందు ఇవ్వాలి. చిట్లిన మనిషికి అదే మందు ఇస్తే ప్రాణం పోవచ్చు. తాజా రక్తం సీటీలో తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సీటీలో తెలుపు ఎంతో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలతలో మెదడు పైపొర 35-40 దగ్గర ఉంటే, గడ్డకట్టిన తాజా రక్తం 60-80 దగ్గర ఉంటుంది. కొత్తగా చేరిన ట్రెయినీ కూడా పెద్ద రక్తస్రావాన్ని దూరం నుంచే చూపించగలడు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. అరవై రెండేళ్ల ఆవిడ, 60 కిలోలు. ఉదయం 7:10కి మాట్లాడుతూ మాట్లాడుతూ మాట ముద్దయింది, కుడిచెయ్యి వాలిపోయింది. 8:20కి ఆసుపత్రిలో ఉన్నారు. షుగర్ చూశారు (షుగర్ బాగా పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది), బీపీ చూశారు, 8:35కి సీటీ బల్ల మీద పడుకోబెట్టారు. స్కాన్‌కి పట్టేది సెకన్లే. ఎక్కడా తెలుపు లేదు. "సీటీ నార్మల్" అంటే బయట నిలబడ్డ కూతురికి "ఏమీ లేదట" అని వినిపిస్తుంది. లోపల డాక్టరుకి వినిపించేది "రక్తస్రావం లేదు, మందు ఇవ్వొచ్చు" అని. గడ్డ కరిగించే ఆ మందు పేరు ఆల్టెప్లేస్, మోతాదు కిలోకి 0.9 మిల్లీగ్రాములు, అంటే ఆవిడకి 54. అందులో పదో వంతు, 5.4, నిమిషంలో ఎక్కిస్తారు, మిగతా 48.6 గంటసేపు. గడువు నాలుగున్నర గంటలు, ఆవిడ విషయంలో 11:40 వరకు. గడువు ఉంది కదా అని ఆగరు, ఆలస్యమైనకొద్దీ మందు ఫలితం తగ్గిపోతుంది. అదే బల్ల మీద నాళాలు తేటగా కనబడేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించి పెద్ద నాళం ఏదైనా మూసుకుందా అని కూడా చూస్తారు, ఉంటే తీగ పంపి గడ్డని లాగే చికిత్స వేరే ఉంది.

ఇప్పుడు ఆ కూతురు మెసేజ్ ప్రకారం ఎంఆర్ఐకే పట్టుబట్టిందనుకోండి. ఆ గది తలుపు దగ్గర టెక్నీషియన్ అడిగే మొదటి ప్రశ్న "ఒంట్లో లోహం ఏమైనా ఉందా, పేస్‌మేకర్ ఉందా?" అని. జవాబు చెప్పాల్సిన మనిషికి మాట పడిపోయింది. "అమ్మకి తలకి ఎప్పుడో ఏదో ఆపరేషన్ అయిందండీ, లోపల ఏం పెట్టారో నాకు తెలీదు" అంటుంది కూతురు. ఆ అయస్కాంతం దగ్గర "తెలీదు" అన్న జవాబుతో ఎవరినీ లోపలికి పంపం. మెదడు నాళానికి వేసిన పాత లోహపు క్లిప్ ఆ లాగుడికి కదిలితే అంతే సంగతులు. అవన్నీ తేల్చుకుని, అటూ ఇటూ కదిలే మనిషిని నిశ్చలంగా పడుకోబెట్టేసరికి గడియారం ఆగదు కదా.

నిజం చెప్పాలంటే, ఎంఆర్ఐకి రక్తం కనబడదన్నది కూడా అబద్ధమే. సరైన రకం చిత్రం తీస్తే తాజా రక్తం బాగానే కనబడుతుంది, ఏళ్లనాటి చిన్న చిన్న రక్తపు మరకలైతే ఎంఆర్ఐలోనే కనబడతాయి. ఆ ఏర్పాటున్న కొన్ని ఆసుపత్రులు ఎంఆర్ఐతోనే మొదలుపెడతాయి. నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి, ఎప్పుడు మొదలైందో తెలియని మనిషికి ఎంఆర్ఐ గొప్ప సాయం: డిఫ్యూజన్‌లో మచ్చ ఉండి, ఫ్లెయిర్ అనే చిత్రంలో ఇంకా తేలకపోతే అది తాజాది, గడువు దాటి ఉండకపోవచ్చు.

"అన్నీ చూపిస్తుంది" అన్నది మాత్రం కాదు. మెదడు కాండంలో చిన్న స్ట్రోక్ మొదటి రోజు డిఫ్యూజన్‌లో కూడా తప్పించుకుపోవచ్చు.

ట్యూమర్ సంగతిలో ఎంఆర్ఐదే పైచేయి, అదీ గాడోలినియం కాంట్రాస్ట్‌తో. సీటీలో ఒక నల్లటి మచ్చ చూసి స్ట్రోక్ అనుకుంటే, తర్వాత కణితి అని తేలిన సందర్భాలున్నాయి. తేడా పట్టడానికి మేము చూసేదొకటుంది. స్ట్రోక్ మచ్చ ఒక నాళం పరిధికి లోబడి, మెదడు అంచు దాకా ముక్క కోసినట్టుంటుంది. కణితి చుట్టూ చేరే వాపు అంచుని వదిలేసి, లోపలి తెల్ల పదార్థంలో చేతివేళ్లలా పాకుతుంది. పైగా కణితి ఉన్న మనిషికి చాలాసార్లు తలనొప్పి, తడబాటు వారాలుగా పెరుగుతూ వచ్చి ఉంటాయి, ఒక్క నిమిషంలో ఊడిపడవు. కణితిలో సున్నం పేరుకుందా, పుర్రె ఎముక తిన్నదా అన్నవి మళ్లీ సీటీలోనే తేటగా తెలుస్తాయి.

రేడియేషన్ తలకే, ఒళ్లంతా కాదు. ఒక తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేది 2.4. అనవసరంగా పదేపదే తియ్యొద్దనడం సబబే, పక్షవాతం రోజున లెక్కపెట్టాల్సింది ఇది కాదు.

రెండో బిల్లు. మందు ఎక్కించాక ఇరవై నాలుగు గంటలకి, ఆస్పిరిన్ మొదలుపెట్టే ముందు, లోపల రక్తం కారలేదని ఎలాగూ మళ్లీ స్కాన్‌తో చూసుకోవాలి. అప్పుడు ఎంఆర్ఐ తీస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మచ్చలు మెదడు రెండు పక్కలా, వేర్వేరు నాళాల పరిధిలో చిందినట్టుంటే, గడ్డ గుండె నుంచి వచ్చిందేమో అనుకుని గుండె లయ తప్పుతోందా అని వెతుకుతారు. మందులే మారిపోతాయి.

మా పెద్దమ్మ చివర్లో ఒకటి అడిగింది: "అయితే సీటీ నార్మల్ అంటే ఇంటికొచ్చెయ్యొచ్చా?" రాకూడదు. ముఖ్యంగా హఠాత్తుగా కళ్లు తిరిగి, వాంతులై, లేచి నిలబడితే ఒక పక్కకి పడిపోతున్న మనిషి. చిన్నమెదడు చుట్టూ చెవి దగ్గరి ఎముక మందంగా ఉంటుంది, దాని చారలు సీటీ మీద అడ్డంగా పడతాయి, అక్కడి స్ట్రోక్ వాటి మాటున దాక్కుంటుంది. అలాంటి మనిషిని "గ్యాస్, నీరసం" అని పంపించేస్తుంటే, అప్పుడు అడగాలి ఎంఆర్ఐ.