ఆ ఎర్ర తాడు గురించి నోటీసులో రాయరేం?

మా అపార్ట్‌మెంట్ జిమ్ తలుపు మీద నోటీసు ఉంది: "పరికరాలను జాగ్రత్తగా వాడండి." ఎలా వాడాలో ఒక్క ముక్క లేదు. ఫోన్ మోగితే చాలు, ట్రెడ్‌మిల్ ఆపకుండానే దిగి బయటికి వెళ్లిపోతారు. తర్వాత వచ్చినవాళ్లు చూసుకోకుండా కాలు పెడితే బెల్టు ఆ కాలిని వెనక్కి లాగేస్తుంది. వెనక అడుగు దూరంలోనే గోడ! పడ్డ మనిషి గోడకూ తిరిగే బెల్టుకూ మధ్య ఇరుక్కుంటే చర్మం ఒరుసుకుపోతుంది. అక్కడ దాదాపు 2 మీటర్ల ఖాళీ ఉండాలి.

అన్నిటికంటే ఒళ్లు మండేది సేఫ్టీ కీ సంగతి. దాని ఎర్ర తాడు క్లిప్పును చొక్కాకు తగిలించుకుంటే, మనం వెనక్కి జారగానే కీ ఊడి బెల్టు ఆగిపోతుంది. ఎవరో మహానుభావులు ఆ తాడును హ్యాండిల్‌కే ముడేశారు. ఇక మనిషి పడ్డా కీ ఊడదు. నేను విప్పుతాను, మర్నాటికి మళ్లీ ముడి.

కమిటీవాళ్లను అడిగితే "నోటీసు పెట్టాం కదండీ" అంటారు. క్లిప్పు చొక్కాకు పెట్టుకోండి, బెల్టు పూర్తిగా ఆగాకే దిగండి, పిల్లల చేతికి అందకుండా కీ తీసి పెట్టండి. ఈ మూడు వాక్యాలు ట్రెడ్‌మిల్ మీదే అతికించడానికి ఎంతసేపు పడుతుందండీ?